మూడు గంటల క్లాసుకు బదులు

ఈ సంగతులు ఇంతకు ముందే ఎందుకు రాయలేదని అడిగితే నా దగ్గర ఉన్న జవాబు చిన్నది. మొన్నమొన్నటి దాకా నాకు అక్షరాలు రావు. మా అమ్మాయి కోమల పెళ్ళి పత్రిక మీద నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తే తెలుసుకున్నదాన్ని నేను. మనవరాలు బడికి పోవడం మొదలుపెట్టాక, అది పక్కన కూర్చుని గట్టిగా చదువుతుంటే పూలు కడుతూ వినేదాన్ని. ఒకరోజు సిగ్గు వదిలేసి ట్యూషన్ పెట్టించుకున్నాను. అక్షరాలు వచ్చాక కూడా నాయన గురించి రాయాలంటే చేయి ఆడలేదు. రాయడానికి ఏముంది, చెరుకు నరికాడు, బెల్లం వండాడు, పోయాడు అనుకునేదాన్ని. మా ఊళ్ళో నాయన బెల్లం వండిన పెద్ద ఇనుప కొప్పెరను పాత ఇనుము కింద అమ్మేసిన రోజు, ఆ కొప్పెర కోసం నేను ఒక క్లాసు తప్పిన రోజు, రాయాల్సింది ఉందని తెలిసింది.

నాకు చదువు చెప్పే అమ్మాయి పేరు సునీత. రేణిగుంటలో వాళ్ళ అమ్మతో ఉంటుంది. పొద్దున ఇంటి దగ్గర చిన్న పిల్లలకు చెబుతుంది, మధ్యాహ్నం నుంచి స్కూటీ మీద తిరుపతి వచ్చి ఇళ్ళల్లో చెబుతుంది. నేనుండేది అలిపిరి పోయే దారిలో ఒక సందులో. మూడు గంటలకు నా క్లాసు, అక్కడి నుంచి పదో తరగతి పిల్లల దగ్గరకు పోతుంది. నాకంటే ఎంతో చిన్నది, అయినా నేను ‘రాండి, కూర్చోండి’ అనే అంటాను. "పెద్దమ్మా, నన్ను రాండి అంటే నాకే నవ్వొస్తాది" అంటుంది. "నువ్వు పెద్దమ్మ అను, నేను టీచరమ్మ అంటా. ఎవురి మర్యాద వాళ్ళది" అంటాను నేను. ఆ అమ్మాయి నాకు ఒక నియమం పెట్టింది. తనకేం చెప్పాలన్నా ఫోన్ చేయకూడదు, రాసి పంపాలి. బండి మీద ఉన్నప్పుడు, పాఠం చెప్పేటప్పుడు తను ఎలాగూ ఫోన్ ఎత్తదు, పైగా రాయడం అలవాటవుతుందని. ఇంకో నియమం అందరికీ పెట్టిందే. రావద్దనుకుంటే తను రేణిగుంటలో బయలుదేరకముందే చెప్పాలి. చెప్పకుండా ఎగ్గొడితే ఆ టైం కోసం కాచుకున్న వాళ్ళకు ఇచ్చేస్తుంది. ఎండలో అంత దూరం వచ్చేదానికి ఆ మాత్రం ఉండాలి కదా.

ఆ రోజు అన్నం తిని చేయి కడుక్కుంటుంటే మా తమ్ముడు మురగయ్య ఫోన్ చేశాడు. వాడు కాణిపాకం దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాడు.

"అక్కా, నాయన కొప్పెర ఉండాది గదా, కొట్టం ఎనకాల. పాత ఇనుము ఆయప్ప ఆటో ఏసుకోని వచ్చినాడు. ఇచ్చేస్తా ఉండా. మళ్ళా నాకు చెప్పలేదే అంటావని చేసినా."

"ఒరే, నేనొచ్చేదాకా ఆపరా."

"యాడ నుంచి వచ్చేది నువ్వు? ఆయప్ప సాయంత్రం దాకా ఈడే ఊళ్ళో తిరగతా ఉంటాడంట. వచ్చేదైతే ఇప్పుడే బస్సెక్కు."

చీర మార్చుకోకుండానే బయలుదేరాను. బస్టాండులో చిత్తూరు బస్సు పక్కన నిలబడి సునీతకు మెసేజ్ రాశాను. అది నా సొంతంగా, ఎవరి సాయం లేకుండా రాసిన మొదటి పెద్ద మెసేజ్. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను. టీచరమ్మా బాగున్నారా, అమ్మ బాగుందా, మోకాలి నొప్పి తగ్గిందా, అన్నం తిన్నారా, ఎండ ఎక్కువగా ఉంది నీళ్ళు తాగండి, మా ఊరికి పోతున్నాను, ఈ పూట క్లాసు వద్దు. అంతా రాసి, పంపి, కండక్టరు అరుస్తుంటే ఎక్కేసి, ఫోను సంచిలో పూలదారం కింద పెట్టేశాను. చెప్పాల్సింది చెప్పేశానన్న నిమ్మళంతో కిటికీ పక్కన కూర్చున్నాను.

కొట్టం వెనక కొప్పెర ఒక అంచు రాయికి ఆనుకుని బోర్లా పడి ఉంది. చిన్నప్పుడు దాని అంచు పట్టుకుని లోపలికి తొంగి చూడాలంటే మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చేది. ఇప్పుడు కోళ్ళు దాని కింద గుడ్లు పెడుతున్నాయి. నేను వంగి, ఎవరూ చూడకుండా వాసన చూశాను. తుప్పు వాసన, కోళ్ళ వాసన. బెల్లం జాడ లేదు. ఎందుకుంటుంది? మా ఊళ్ళో గానుగ ఆగిపోయి ఎన్నో ఏళ్ళయింది. చెరుకు పెట్టేవాళ్ళే తక్కువ, పెట్టినా లారీకెత్తి పంపేస్తారు. కానీ అక్కడ నిలబడి కళ్ళు మూసుకుంటే నా ముక్కుకు అది రానే వచ్చింది, పచ్చి చెరుకు రసం కాగడం మొదలైనప్పటి గడ్డి వాసన, తర్వాత మురికి తేలినప్పటి పుల్లటి వాసన, ఆఖరికి పాకం చిక్కబడే ముందు ఊరంతా కమ్ముకునే ఆ వాసన. ఆ రోజుల్లో మా తలల్లోంచి, గుడ్డల్లోంచి, నీళ్ళ కుండల్లోంచి కూడా బెల్లం వాసనే వచ్చేది. అప్పుడు దాన్ని వాసన అని కూడా అనుకోలేదు.

గానుగ కాలమంతా మా ఇల్లు చీకటితోనే లేచేది. నాయన పొయ్యి గుంట తుడిచేవాడు. అమ్మ రసం వడగట్టే గుడ్డ ఉతికి ఆరేసేది. నా పని పిప్పి. గానుగలోంచి వచ్చిన చెరుకు పిప్పిని కళ్ళంలో పరిచి, తిరగేసి, ఎండినదాన్ని మోసుకొచ్చి పొయ్యి దగ్గర పోయాలి. అదే వంటచెరుకు. పచ్చిది వేస్తే పొగ, తక్కువ వేస్తే మంట చచ్చిపోతుంది. బడి తెరిచే వేళ, పిప్పి ఆరేసే వేళ ఒకటే. తమ్ముడు బడికి పోయాడు, నేను కళ్ళానికి పోయాను. ఎవరూ నన్ను బడికి పోవద్దనలేదు, పొమ్మని కూడా అనలేదు. అది ఆ ఇంటి పద్ధతి, అంతే. రసం వెచ్చబడగానే నాయన సున్నపు నీళ్ళు చల్లేవాడు. మురికి పైకి తేలితే జల్లి గరిటెతో తీసి పారేసేవాడు. నురుగు పొంగి అంచు దాటబోతే రెండు చుక్కల నూనె విదిలించేవాడు, అది అలిగిన పిల్లలా అణిగిపోయేది. పాకం కుదిరిందో లేదో చూడటానికి చెంబులో చల్లనీళ్ళు పెట్టుకుని, అందులో కొంచెం పాకం వేసి, వేళ్ళతో ఉండ చేసి కొప్పెర అంచుకు కొట్టేవాడు. టంగుమంటే అందరూ లేచేవారు.

ఆ లేవడం దగ్గరే ఉంది అసలు కథ. కాగిన కొప్పెరను ఇద్దరు ముగ్గురు దించలేరు. దుంగలు దూర్చి నాలుగు వైపులా మనుషులు పట్టుకుని, ఒక్కసారిగా ఎత్తి, చెక్క దోనెలోకి వంచాలి. ఒక్కరు తక్కువైనా పాకం ముదిరి మాడిపోతుంది, లేదా ఎవరి కాలో కాలుతుంది. కూలికి మనుషులను పెట్టుకునే స్తోమత ఎవరికీ లేదు కాబట్టి బదులు పని చేసుకునేవారు. ఈ రోజు నేను నీ గానుగకు వస్తాను, నా గానుగ రోజు నువ్వు రావాలి. దీనికి కాగితం లేదు. కానీ ఒక కట్టు ఉండేది. రాలేనివాడు గానుగకు ఎద్దులను కట్టకముందే పోయి చెప్పాలి. ఒకసారి చెరుకు ఆడించాక రసం ఆగదు, పులిసిపోతుంది. ఆ తర్వాత చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

ఒకసారి మా అవ్వకు రాత్రంతా వాంతులయ్యాయి. తెల్లవారి నాయన గంగన్న అనే ఆయన గానుగకు పోవాలి. నాయన కోడి కూయకముందే తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. లాంతరు పట్టుకుని నేను వెంట పోయాను. అవ్వ మంచంలోంచే, "ఆ పాపను పంపియ్యరాదా, నువ్వే పోవల్నా?" అంది. "మాట ఇచ్చింది పాప కాదు గదమ్మా" అన్నాడు నాయన. గంగన్న ఎద్దులకు కుడితి పెడుతున్నాడు. నాయన గుమ్మం దాటలేదు. బయటే నిలబడి మొదటి మాటే అనేశాడు.

"గంగన్నా, ఈ పొద్దు నేను రాలేను. అమ్మకు బాగలేదు."

గంగన్న చేతిలో బిందె అట్లాగే ఉండిపోయింది. "ఇప్పుడు చెప్తే ఎట్లప్పా? కొప్పెర ఎవురు ఎత్తాల?"

"నిజమే. నీ పని చెడింది. నన్ను తిట్టు, పడతా. ఆడించేది రేపటికి ఆపుకుంటావా, రేపు పొద్దున్నే వస్తా. ఆపలేనంటావా, ఎల్లుండి నీ రెండో గానుగకు వస్తా, దాంతో పాటు పొయ్యి కాడ కూడా నేనే కూసుంటా. నీకేది సులువో చెప్పు."

గంగన్న కాసేపు ఎద్దు మెడ గోకుతూ ఆలోచించి, "రేపే రా. ఎద్దులు కూడా అలిసుండాయిలే" అన్నాడు. అప్పుడుగాని నాయన గుమ్మం దాటి లోపలికి పోయి నీళ్ళు తాగలేదు.

మా అవ్వది దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి. ఎవరింటికైనా పోతే ముందు తిన్నారా, తర్వాత ఆవు ఈనిందా, తర్వాత కూతురు బాగుందా, కోడలు నీళ్ళోసుకుందా, అన్నీ అయ్యాక లేచి, కొంగు దులుపుకుని, గడప దాటుతూ వెనక్కి తిరిగి అసలు సంగతి చెప్పేది. "పోతానే పిడుగు పడినట్ల చెప్పేస్తాడు మీ నాయన. మనుషులు కారా వాళ్ళు? ముందు మంచీ చెడ్డా అడగొద్దా?" అనేది నాతో. మా ఊరి ఆడవాళ్ళందరూ అంతే. అప్పు అడగడమైనా, పిల్లనివ్వమని అడగడమైనా గడప దగ్గరే. విన్నవాళ్ళకు కూడా అది తెలుసు. అసలు మాట కోసం గడప దాకా వచ్చి నిలబడేవారు. నేను అవ్వ దగ్గర పెరిగాను. నా నోటికి వచ్చింది అవ్వ పద్ధతే.

పాత ఇనుము ఆయన వచ్చాడు. మురగయ్య, ఆయన, ఇంకో ఇద్దరు కలిసి కొప్పెరను ఆటోలోకి ఎత్తారు. కింద దాక్కున్న కోడి అరుచుకుంటూ పరుగెత్తింది. "పిచ్చిదానివి అక్కా, ఈ తుప్పు కోసరం ఇంత దూరం వచ్చినావు" అన్నాడు తమ్ముడు, అంటూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాళ్ళావిడ కాఫీ ఇచ్చింది. తాగి బస్సెక్కాను.

తిరుగు బస్సులో ఫోను తీస్తే సునీత మెసేజ్‌లు ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను. మొదటిది, ‘మీ ఇంటి ముందు ఉన్నాను. తాళం వేసి ఉంది.’ రెండోది, ‘ఇప్పుడు మీ మెసేజ్ మొత్తం చదివాను. హెల్మెట్ పెట్టుకునేటప్పుడు పైన బాగున్నారా, తిన్నారా అన్నంత వరకే కనిపించింది. ప్రాక్టీసుకు రాశారనుకుని సంతోషంగా బయలుదేరాను.’ మూడోది రెండు సార్లు చదివాను. ‘మూడు గంటల టైం కోసం ఒక పాప వాళ్ళ అమ్మ చాలా రోజుల నుంచి అడుగుతున్నారు. ఏం చేసేదీ రేపు చెప్తాను.’

బస్సు ఎక్కడెక్కడ ఆగిందో నాకు తెలియదు. ఈ వయసులో నాకు చదువు చెప్పేదానికి ఇంకెవరు వస్తారు? ఇంతకు ముందు అడిగిన ఒక మాస్టరు, "మీకు ఎందుకమ్మా ఇప్పుడు, మనవరాలిని పంపండి" అని నవ్వి పోయాడు. సునీత ఒక్కతే నవ్వలేదు. ఒత్తులు రాయలేక నేను పలక పక్కకు తోసేసిన రోజు కూడా, "పూలు కట్టే చెయ్యి పెద్దమ్మా ఇది, దీనికి రాకపోవడమేంది?" అని మళ్ళీ నా వైపు జరిపింది.

ఇంటికి వచ్చి కోమలకు చెప్పాను.

"దీనికింత బాధేందిమ్మా? నేను ఫోన్ చేసి చెప్తాలే. అమ్మకు సడన్‌గా జొరం వచ్చింది, ఆస్పత్రికి తీసుకుపోయినాం అంటా. ఏమీ అనుకోదు."

"మళ్ళా ఆ బిడ్డ కనపడి జొరం తగ్గిందా పెద్దమ్మా అంటే? ఏం మాత్రలిచ్చినారు అంటే? ఆ మాత్రల పేరు గూడా నువ్వే వచ్చి చెప్తావా?"

కోమల నవ్వేసింది. "సరే, ఊరికే సారీ అని పెట్టు. అందరూ అదే పెడతారు. ఒక దండం బొమ్మ కూడా పెట్టు."

"దండం బొమ్మ పెడితే ఆయమ్మ ఎండలో వచ్చింది వాపసు పోతాదా?"

కోమల వంటింట్లోకి పోయింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. గంగన్న వాకిట్లో బయటే నిలబడ్డ నాయన కళ్ళ ముందుకు వచ్చాడు. ముందు రాలేనన్న మాట, తర్వాత ఒక్క ముక్కలో కారణం, తర్వాత నీ పని చెడిందని ఒప్పుకోవడం, తర్వాత బదులు ఎప్పుడు చేస్తానో ఎదుటివాడికి అనువుగా చెప్పడం. నాయనకు కూడా అక్షరాలు రావు. ఫోను తీసి, మొదట బదులు క్లాసు ఆదివారం పొద్దున పెట్టమని రాశాను. ఆ పూట నాకు పూలపని ఉండదని. రాశాక గుర్తొచ్చింది, ఆదివారం పొద్దున ఆ పిల్ల చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతుంది. నా సులువు చూసుకుంటే అది బదులెట్లా అవుతుంది? చెరిపేశాను. చివరికి పంపింది ఇది.

‘సునీత టీచరుకు. ఈ రోజు మూడు గంటల క్లాసుకు నేను ఇంట్లో లేను. తప్పు నాది. క్లాసు వద్దనే మాట మొదట రాయకుండా చివర రాశాను. అందుకే మీరు ఎండలో వచ్చి తిరిగిపోయారు. మీ పని చెడింది. క్షమించండి. మా నాయన బెల్లం వండిన కొప్పెర అమ్మేస్తున్నారని ఊరికి పోయాను. ఈ క్లాసు జరిగినట్టే లెక్క, ఫీజులో తగ్గించవద్దు. బదులు క్లాసుకు నేనే మీ ఇంటికి వస్తాను. మీరు రావద్దు. రేపు పొద్దున మీ ఏడు గంటల పిల్లలు రాకముందు కుదురుతుందా? లేకపోతే శనివారం మధ్యాహ్నం వస్తాను. రెండూ కుదరకపోతే మీకు ఏది సులువో చెప్పండి. చెంగమ్మ.’

‘బాగున్నారా’ అని రాయనందుకు చేయి ఊరుకోలేదు. పంపేశాక ఇంకో మెసేజ్‌లో ‘అమ్మ మోకాలు ఎలా ఉంది’ అని విడిగా రాసి పంపాను. అవ్వ మాత్రం ఏం తప్పు చేసింది? ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఆ పద్ధతిలో ఎంత చల్లదనం ఉండేదో. అసలు మాట కోసం గడప దాకా నడిచొచ్చే ఓపిక అప్పుడు వినేవాళ్ళకు ఉండేది. ఇప్పుడు హెల్మెట్ పెట్టుకుంటూ ఒక వరుస చదివేంత తీరికే మనుషులకు మిగిలింది. అది వాళ్ళ తప్పు కాదు. ఊళ్ళో గంగన్న ఇల్లు మా ఇంటికి కూతవేటు దూరం, రేణిగుంట నుంచి మా సందుకు ఎండలో బండి మీద రావాలి.

అన్నం తింటుంటే జవాబు వచ్చింది. కోమల చదవబోతే ఫోను లాక్కున్నాను.

‘పెద్దమ్మా, కోపం పోయింది. కానీ ఒక మాట. మీ మెసేజ్ వచ్చేలోగానే ఆ పాప వాళ్ళమ్మకు మూడు గంటల టైం ఇస్తానని చెప్పేశాను. మాట వెనక్కి తీసుకోలేను. రేపు పొద్దున రండి. ఒక్క రోజుకు కాకుండా ఎప్పుడూ అదే టైంకు రాగలిగితే మీ చదువు ఆగదు. ఆలోచించుకోండి. అమ్మ మోకాలు పర్వాలేదు.’

"చూసినావా, టైం పోయింది" అంది కోమల. "రోజు మార్చి రోజు పొద్దున్నే బస్సెక్కి రేణిగుంటకు పోతావా? పూలు ఎవురు కడతారు?"

"కట్టుకుంటాలే, వచ్చినాక."

"ఆయమ్మ నీ కోసరం ఇంటికి వచ్చేది హాయిగా. ఇప్పుడు నువ్వు పోవల్ల."

"ఇన్ని దినాలు ఆయమ్మ వచ్చింది గదా" అన్నాను.

మర్నాడు పొద్దున మంచినీళ్ళు కూడా తాగకుండా బయలుదేరి, రేణిగుంటకు పోయే మొదటి బస్సు పట్టుకున్నాను. సునీత వాకిలి ఊడుస్తోంది. నన్ను చూసి, "ఇంత పొద్దున్నేనా పెద్దమ్మా! నేనింకా మొహం గూడా కడుక్కోలేదు" అంది. "మీ పని మీరు చూసుకోండి టీచరమ్మా, నేను ఈడ కూసుంటా" అని వసారాలో చాప మీద కూర్చున్నాను. వాళ్ళమ్మ కాఫీ తెచ్చి, మోకాలి మీద చేయి వేసుకుని మెల్లగా నా పక్కన కూర్చుంది. సునీత వచ్చి ఏమీ ఎత్తిపొడవలేదు. "మూడు గంటలది పోయింది గదా, బాధపడినారా?" అని మాత్రం అడిగింది. "పడినా. మీరు ఆ పాపకు చెప్పినాక నాకిచ్చింటే ఇంకా ఎక్కువ పడేదాన్ని" అన్నాను. అప్పుడు నా వైపు కాగితం జరిపి, మా నాయన కొప్పెర ఎట్లా ఉండేదో రాయమంది. వంగి రాస్తూ ఉన్నాను. పిప్పి ఎండబెట్టే దాకా వచ్చేసరికి ఏడు గంటల పిల్లలు సంచులు ఊపుకుంటూ దిగిపోయారు. రెండు జడలు వేసుకున్న ఒక పాప నా ముందు నిలబడి నన్నూ, నా కాగితాన్నీ మార్చి మార్చి చూసింది.

"అవ్వా, నువ్వు ఎవుర్ని దిగబెట్టేదానికి వచ్చినావు?"

"నన్నే" అని చెప్పి, చాప మీద కొంచెం పక్కకు జరిగి ఆ పాపకు చోటిచ్చి, మిగిలిన వాక్యం రాసుకున్నాను.